షోరూమ్ వెలుగుతో ఇంటికొచ్చిన టీవీ

కొత్త టీవీ కొన్న ఇళ్లలో మొదటి వారం ఒక వింత ఫిర్యాదు వినిపిస్తుంటుంది. రాత్రి కూర్చుని బొమ్మ కళ్లకు హాయిగా ఉండేలా సెట్టింగ్స్ అన్నీ మార్చుకుంటారు. పొద్దున్నే ఆన్ చేస్తే అన్నీ మళ్లీ మొదటికే వచ్చి ఉంటాయి. మనుషుల ముఖాలు నారింజ రంగులో, గడ్డి ప్లాస్టిక్ పచ్చలో మెరిసిపోతుంటాయి. టీవీలో లోపముందని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు. నిజానికి అందులో లోపమేమీ ఉండదు. అది తనను కొట్టులో అమ్మకానికి పెట్టారనే అనుకుంటూ, అక్కడ చేయాల్సిన పని ఇక్కడా శ్రద్ధగా చేస్తూ ఉంటుంది.

హనుమకొండలో ఒక ఇల్లు అనుకుందాం. దసరా ఆఫర్లో 55 అంగుళాల టీవీ కొన్నారు. అదీ డిస్‌ప్లే పీస్, అంటే షోరూమ్ గోడ మీద నెలల తరబడి నడిచిన సెట్. అందుకే బాగా తక్కువకు వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకో నాలుగు ఇళ్లున్నాయి. స్టాండు బిగించి, వైఫై కలిపి, యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి చూపించి వెళ్లిపోయాడు. సాయంత్రం వార్తలు చూస్తుంటే తెర కింద ఒక పట్టీ వచ్చింది. 4కే అని, హెచ్‌డీఆర్ అని, సౌండ్ ఎన్ని వాట్లో చెబుతూ పోయింది. ఎవరూ రిమోట్ ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే సముద్రపు చేపలు, రంగురంగుల పూల వీడియో దానంతటదే మొదలైంది.

"నిన్న రాత్రే గద బిడ్డా మంచిగ చేసినవ్? మళ్ల గట్లనే అయింది, చూస్తుంటే కండ్లు మండుతున్నయ్" అంటుంది అమ్మ.

"నేను చేసిందంతా అదే ఎనకకు తీసుకున్నదమ్మా" అంటాడు కొడుకు.

కొడుకు మాట అక్షరాలా నిజం. షోరూములో వచ్చేపోయేవాళ్లంతా రిమోట్ నొక్కుతుంటారు. ఒకరు శబ్దం తగ్గిస్తారు, ఇంకొకరు రంగులు మారుస్తారు, పిల్లలు భాషను స్పానిష్‌లో పెట్టేసి పోతారు. ప్రతిసారీ సేల్స్‌మన్ వచ్చి సరిచేయలేడు. కాబట్టి ఎవరేం మార్చినా కొద్దిసేపట్లో కంపెనీ పెట్టిన స్థితికి తిరిగొచ్చే ఏర్పాటు టీవీలోనే ఉంటుంది. దీన్ని శాంసంగ్ రిటైల్ మోడ్ అంటుంది, ఎల్‌జీ స్టోర్ మోడ్ అంటుంది, కొన్ని బ్రాండ్లలో షాప్ మోడ్ అనో డెమో మోడ్ అనో ఉంటుంది. సోనీ టీవీల్లో ఇది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ప్రచార వీడియోలు, పట్టీలు చూపించేది Demo mode. మార్చిన బొమ్మ సెట్టింగులను వెనక్కి లాగేది Picture reset mode. హనుమకొండ ఇంట్లో జరిగిందేమిటో ఆ రెండో పేరే చెప్పేస్తోంది.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. స్టోర్ మోడ్ వేరు, వివిడ్ వేరు. స్టోర్ మోడ్ అంటే టీవీ తాను ఎక్కడ ఉన్నాననుకుంటోందో చెప్పే సెట్టింగ్. వివిడ్ అంటే బొమ్మ ఎలా కనపడాలో చెప్పే ఒక తయారీ మిశ్రమం. శాంసంగ్‌లో దాని పేరు డైనమిక్. స్టోర్ మోడ్‌లో ఉన్న టీవీ సాధారణంగా వివిడ్‌లోనే ఉంటుంది. కానీ స్టోర్ మోడ్ తీసేసినంత మాత్రాన వివిడ్ పోతుందన్న హామీ లేదు. స్టోర్ మోడ్ ఉంచి వివిడ్ ఒక్కటే మారిస్తే అది నిలవదు. కాబట్టి ఒక వరుస పాటించాలి. ముందు టీవీకి ఇది ఇల్లని చెప్పాలి, ఆ తర్వాతే రంగుల జోలికి పోవాలి.

ఇల్లని చెప్పడం రెండు నిమిషాల పని. ఈమధ్య వచ్చిన శాంసంగ్ టీవీల్లో దారి ఇలా ఉంటుంది:

```
Settings > All Settings > General & Privacy > System Manager > Usage Mode
```

అక్కడ పిన్ అడుగుతుంది. ఎవరూ మార్చకపోతే అది 0000. ఆపైన Home Mode ఎంచుకుంటే సరి. పాత మోడళ్లలో General & Privacy బదులు ఒట్టి General అని ఉంటుంది. ఎల్‌జీలో All Settings లోని General విభాగంలోకి దిగి Home/Store Mode ఎక్కడుందో పట్టుకోవాలి. ఏడాదికో చోటుకు దాన్ని జరుపుతుంటారు కాబట్టి కాస్త వెతుక్కోక తప్పదు. సోనీ గూగుల్ టీవీల్లో Settings లోని System కింద Retail mode settings ఉంటుంది. అందులో పైన చెప్పిన రెండింటినీ ఆఫ్ చేయాలి. ఒక్క Demo mode మాత్రమే ఆపేసి ఊరుకుంటే పట్టీలు పోతాయి గానీ సెట్టింగులు వెనక్కి పోవడం ఆగదు.

మెనూలో ఎంత వెతికినా దొరకకపోతే ఫ్యాక్టరీ రీసెట్ ఉండనే ఉంది. అప్పుడు మొదటిరోజు వచ్చిన ప్రశ్నలన్నీ మళ్లీ వస్తాయి, వాటిలో ఇల్లా కొట్టా అన్నదీ ఒకటి. వైఫై పాస్‌వర్డు, ఓటీటీ లాగిన్లు మళ్లీ కొట్టుకోవాలి, అంతే. అమెరికాలో ఉండే మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే రోకు టీవీల్లో ఇదే అసలు దారి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు Set up for home use బదులు Set up for store use నొక్కేశారంటే, రీసెట్ చేసి మొదటినుంచీ రావాల్సిందే.

కొట్టు కోసం చేసిన ఈ ఏర్పాటు ఇళ్లలోకి జారిపోతుందని ప్రభుత్వాలకూ తెలుసు. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన టీవీ నిబంధన ఈ సంగతిని పేరుపెట్టి పట్టుకుంది. మొదటిసారి ఆన్ చేయగానే ఇలాంటి మెనూ వచ్చే టీవీల్లో, ముందుగా ఎంపికై కనిపించేది హోమ్ మోడే కావాలంది. కొన్నవాళ్లు వేరేది నొక్కితే, నిజంగానే ఇది కావాలా అని రెండోసారి అడగాలంది. మన దగ్గర ఆ రెండో ప్రశ్న వచ్చినా, దానికి ఓకే కొట్టేది చాలాసార్లు కొన్నవాళ్లు కాదు, బిగించడానికి వచ్చిన కుర్రాడు. సెటప్ స్క్రీన్లు నడుస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్లలో ఒకరు పక్కన నిలబడి చూస్తే సగం తలనొప్పి అక్కడే తప్పుతుంది.

ఇప్పుడు వివిడ్ సంగతి. అది చెడ్డదని కొట్టిపారేయడం తేలిక. అయితే అది పుట్టిన చోట దానికి న్యాయమైన కారణమే ఉంది. షోరూములో నడినెత్తిన వరుసగా లైట్లుంటాయి, పక్కన పదిహేను టీవీలు ఒకే వీడియో ఆడుతుంటాయి. అంత వెలుతురులో మామూలు బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది, పోటీలో చిన్నబోతుంది. అందుకే వెనుక వెలుగును చివరిదాకా పెంచుతారు, రంగులను చిక్కబరుస్తారు, అంచులకు గీత గీసినట్టు షార్ప్‌నెస్ ఎక్కిస్తారు, తెలుపులో నీలం కలుపుతారు. ఆ చివరిది మన ఇళ్లలో అందరికీ తెలిసిన విద్యే. ఉతికిన పంచెకు నీలిమందు పెడితే ఇంకా తెల్లగా కనిపిస్తుంది కదా, అదే. కన్ను నీలం కలిసిన తెలుపును చూసి అసలు తెలుపుకన్నా తెల్లగా ఉందని మోసపోతుంది.

ఈ నీలాన్ని కొలవడానికి ఒక లెక్క ఉంది. టీవీ రంగంలో తెలుపు అంటే ఏమిటో ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. సినిమాకు రంగులు దిద్దే డీఐ గదుల్లో, మసక వెలుతురులో కూర్చుని చూసే మానిటర్లను ఈ తెలుపుకే సరిచేసి పెడతారు. మామూలు బొమ్మకు ఆ మానిటర్ వెలుగు కూడా 100 నిట్ల దగ్గరే ఉంటుంది. వివిడ్‌లో పెట్టిన టీవీ తెలుపు తరచుగా 9000 కెల్విన్ దాటి పోతుంది, వెలుగు అంతకు కొన్ని రెట్లుంటుంది. కెమెరామన్, కలరిస్టు రోజుల తరబడి కూర్చుని నిర్ణయించిన చామనఛాయ ముఖం మన హాల్లోకి వచ్చేసరికి ఇంకెవరిదో అవుతుంది. తెలుగు సినిమాల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పెళ్లి సీన్లో పసుపు, కుంకుమ, ఎర్రటి పట్టుచీర ఒకేసారి తెర మీదుంటాయి. వివిడ్‌లో చీర మీది జరీ, మడతలు మాయమై మొత్తం ఒకే ఎర్రటి ముద్దగా కనిపిస్తుంది. రంగు చిక్కబడ్డకొద్దీ అందులోని ఛాయలు చచ్చిపోతాయి.

సరే, ఏది పెట్టాలి? సినిమా, మూవీ అని పేరున్న మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్. చివరిదాని వెనుక చిన్న కథ ఉంది. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీతో కలిసి ఒక వీడియో విడుదల చేశాడు. అందులో తన సినిమా గురించి కాదు, ఇళ్లలో టీవీల్లో ఒక సెట్టింగ్ ఆపేయమని అడిగాడు. అది మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. టీవీ వాటి మధ్యలో తానే కొన్ని బొమ్మలు ఊహించి కల్పించి దూర్చుతుంది. దాంతో కదలిక నున్నగా మారి, కోట్లు పోసి తీసిన సినిమా మధ్యాహ్నం సీరియల్లా కనిపిస్తుంది. ఫైట్లలో హీరో చెయ్యి విసిరినప్పుడు దాని చుట్టూ గాలి వణికినట్టు ఒక మసక అంచు కనిపిస్తే, అది టీవీ తప్పుగా ఊహించిన బొమ్మే. మరుసటి ఏడాది, 2019లో, యూహెచ్‌డీ అలయన్స్ అనే పరిశ్రమ కూటమి మార్టిన్ స్కోర్సేసీ, క్రిస్టఫర్ నోలన్ వంటి దర్శకుల మద్దతుతో ఫిల్మ్‌మేకర్ మోడ్‌ను ప్రకటించింది. స్మూతింగ్, అదనపు షార్ప్‌నెస్ ఆపేసి, తెలుపును డీ65 దగ్గర పెట్టడం దాని పని. ఒక్కో బటన్ వెతుక్కునే ఓపిక లేనివాళ్లకు ఇది వరమే.

వేరే మోడ్‌లో ఉంటూ స్మూతింగ్ ఒక్కటే ఆపాలంటే దాని మారుపేర్లు తెలియాలి. ఎల్‌జీలో TruMotion, సోనీలో Motionflow, శాంసంగ్‌లో Picture Clarity, అంతకు ముందు మోడళ్లలో Auto Motion Plus. క్రికెట్‌కు మాత్రం దీన్ని కొంత ఉంచుకున్నా తప్పు లేదు. బంతి కదలిక తేటగా తెలుస్తుందని ఇష్టపడేవాళ్లున్నారు. వాళ్లతో వాదించడం అనవసరం.

షార్ప్‌నెస్ దగ్గర ఒక చిక్కు ఉంది. దాన్ని సున్నా చేయమని అందరూ చెప్పే సలహా అన్ని టీవీలకూ వర్తించదు. సోనీలో 50 అంటే ఏమీ కలపని, ఏమీ తీయని స్థితి. సున్నా పెడితే బొమ్మ అలికినట్టవుతుంది. శాంసంగ్, ఎల్‌జీల్లో సున్నా నుంచి పది మధ్య చాలు. ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి వార్తాఛానల్ పెట్టి కింద పరుగెత్తే అక్షరాలను దగ్గరగా చూడాలి. నల్లటి అక్షరం చుట్టూ తెల్లటి సన్నని గీత కనిపిస్తే అది ఛానల్ వేసింది కాదు, మన టీవీ గీసింది.

ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టగానే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "పచ్చబడిపోయింది, డల్లయిపోయింది." నెల రోజులు నీలపు తెలుపు చూసిన కంటికి అసలు తెలుపు పాత కాగితంలా అనిపించడం సహజం. రెండు మూడు రోజులు అలాగే ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వివిడ్ పెట్టి చూస్తే, ఈసారి ముఖాలు నీలంగా ఉన్నాయని వాళ్లే అంటారు. అయితే డల్లు అన్న ఫిర్యాదులో నిజం కూడా ఉండొచ్చు. మధ్యాహ్నం కిటికీలు తెరిచిన హాల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ నిజంగానే చాలదు. అప్పుడు మోడ్ అదే ఉంచి వెనుక వెలుగు ఒక్కటే పెంచుకోవాలి. ఎల్‌జీలో దాని పేరు Backlight, ఓఎల్ఈడీల్లో OLED Pixel Brightness. సోనీలోనూ కొత్త శాంసంగ్‌లోనూ Brightness అన్నదే వెనుక వెలుగు. పాత టీవీల్లో మాత్రం ఇదే పేరు మీద నలుపు స్థాయి మారుతుంది. దాన్ని పెంచితే రాత్రి సీన్లు పొగ కమ్మినట్టు బూడిద రంగుకు తిరుగుతాయి. కాబట్టి ఒక చీకటి సీను ఆపి పెట్టి, నొక్కి చూడాలి. నలుపు నలుపుగానే ఉండి మిగతాది వెలిగితే అదే మనకు కావాల్సిన మీట. పగలు క్రికెట్టే ఎక్కువ చూసే ఇంట్లో స్టాండర్డ్ మోడ్ పెట్టి, కలర్ టోన్ ఒక్కటి వెచ్చగా, అంటే Warm వైపు జరిపినా సరిపోతుంది.

మార్పులన్నీ చేశాక కూడా సెట్-టాప్ బాక్సులో ఒకలా, ఓటీటీలో ఒకలా బొమ్మ కనిపిస్తే స్టోర్ మోడ్ మళ్లీ వచ్చిందని బెంగపడక్కర్లేదు. చాలా టీవీలు ప్రతి ఇన్‌పుట్‌కూ వేరే సెట్టింగ్ దాచుకుంటాయి. మామూలు బొమ్మకు ఒకటి, హెచ్‌డీఆర్‌కు ఒకటి, డాల్బీ విజన్‌కు ఇంకొకటి. యూట్యూబ్‌లో మార్చింది హెచ్‌డీఎంఐలోని బాక్సుకు అంటదు. అన్ని ఇన్‌పుట్లకూ వర్తించు అనే ఎంపిక ఉంటే అది నొక్కాలి. హెచ్‌డీఆర్ సంగతి మాత్రం ఒక హెచ్‌డీఆర్ సినిమా ఆడుతుండగానే మెనూ తెరిచి మార్చాలి. ఆడనప్పుడు ఆ సెట్టింగులు కనిపించవు కూడా. ఉన్నట్టుండి సాయంత్రానికి తెర మసకబారితే, అది గది వెలుతురును చూసి తగ్గించే సెన్సర్ పని. పవర్ సేవింగ్ మెనూలో దాన్ని ఆపుకోవచ్చు, ఉంచుకున్నా నష్టం లేదు.

ఇదంతా కంటికి సంబంధించిన ముచ్చట మాత్రమే అయితే ఎవరిష్టం వారిది అని వదిలేయొచ్చు. డబ్బు కూడా ఉంది. ఒక టీవీ ఇంటి మోడ్‌లో 90 వాట్లు, వెలుగు చివరిదాకా పెంచిన వివిడ్‌లో 140 వాట్లు తీసుకుంటోందనుకుందాం. ప్లగ్గుకు పెట్టే చిన్న వాట్ మీటరుతో ఎవరైనా కొలుచుకోవచ్చు. తేడా 50 వాట్లు. రోజుకు 6 గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకుంటేనే బిల్లు సున్నా. ప్రతినెలా 195 దగ్గర ఆగే ఇంటికి ఆ 9 యూనిట్లు చేసే పని వేరుగా ఉంటుంది.

అంతకన్నా పెద్ద ఖర్చు లోపల ఉంటుంది. ఎల్ఈడీ టీవీ అంటే తెర వెనుక ఎల్ఈడీ పట్టీలు వెలిగే ఎల్‌సీడీయే. టీవీ మెకానిక్కుల దగ్గరికి వచ్చే సెట్లలో మాట వస్తుంది, బొమ్మ రాదు అన్న రకం ఎప్పుడూ ఉంటుంది. చీకట్లో తెరకు దగ్గరగా టార్చి పెట్టి చూస్తే లోపల బొమ్మ నీడలా కదులుతుంటుంది. ప్యానెల్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ పోయిందన్నమాట. ఎల్ఈడీలను ఎక్కువ కరెంటుతో నడిపితే వేడెక్కుతాయి, వేడెక్కితే తొందరగా పోతాయి. కొత్త పట్టీలు వేసిన మెకానిక్కు, మళ్లీ ఇదే పనికి రాకుండా బోర్డు మీద కరెంటు కాస్త తగ్గించి పంపడం ఆ వృత్తిలో మామూలే. రిమోట్‌తో వెలుగు తగ్గించుకున్నా లోపలి వేడి తగ్గుతుంది.

ఓఎల్ఈడీల్లో కష్టం వేరు. అక్కడ ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వాడినకొద్దీ అరుగుతుంది. తెలుగు వార్తాఛానల్ తెరను ఒకసారి చూడండి. మూలన లోగో, పక్కన గడియారం, కింద ఎర్రపట్టీ, దాని కింద పసుపుపట్టీ, మధ్యలో మిగిలిన చోటులో నలుగురు చర్చించేవాళ్లు. పొద్దుటినుంచి రాత్రిదాకా అవి కదలవు. వివిడ్ వెలుగులో రోజూ గంటల తరబడి ఇవే నడిస్తే, ఆ పట్టీల చోట ప్యానెల్ మిగతా భాగంకన్నా ముందు అరిగి, సినిమా చూస్తున్నప్పుడు కూడా వాటి ఆనవాళ్లు తేలతాయి. పెద్దవాళ్లు రోజంతా వార్తలే చూసే ఇంట్లో ఓఎల్ఈడీ ఉంటే వెలుగు తగ్గించడం రుచికి సంబంధించిన విషయం కానే కాదు.

హనుమకొండ ఇంటికి వస్తే, అక్కడ కొడుకు Usage Mode మార్చాడు, మూవీ మోడ్ పెట్టాడు, స్మూతింగ్ తీసేశాడు, అన్ని ఇన్‌పుట్లకూ వర్తింపజేశాడు. ఆపైన టీవీని ఆపి, ప్లగ్గు తీసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టాడు. అరగంట చూసినా పట్టీ రాలేదు, రంగులు మారలేదు. ఇల్లుగా కుదురుకుందనడానికి చేయాల్సిన పరీక్ష అదొక్కటే. వారంటీలో ఎప్పుడైనా మదర్‌బోర్డు మార్చినా, సర్వీసు మనిషి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా మొదటిరోజు ప్రశ్న మళ్లీ తెర మీదికి వస్తుంది. అతను టూల్‌బ్యాగు సర్దుకునే లోపే Home Mode ఉందో లేదో చూసుకోవాలి.